ఎనిమిది లక్షల గోడకు టెండరు

మా అపార్ట్‌మెంట్ వెనక ప్రహరీ గోడ రెండు వానాకాలాలుగా పక్కింటి వైపు ఒరుగుతూ వచ్చింది. 60 మీటర్ల పొడవు, ఆరడుగుల ఎత్తు. కింద నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే నెర్రెలిస్తుంది. పడగొట్టి కొత్తది కట్టాలని సంఘంలో అందరూ ఒప్పుకున్నారు. తెలిసిన ముగ్గురు కాంట్రాక్టర్లకు ఫోన్ చేసి ధర అడిగాం. ఒకరు 5 లక్షల 20 వేలన్నారు, మరొకరు 7 లక్షల 60 వేలు, మూడో ఆయన 11 లక్షలు.

మొదట్లో చవకగా చెప్పినవాడు మంచివాడనీ, 11 లక్షలు అడిగినవాడు దోచుకునేవాడనీ అనుకున్నాం. కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. మొదటివారి లెక్కలో పాత గోడ కూల్చడం లేదు, పక్కింటి వైపు ప్లాస్టరింగ్ లేదు. మూడో ఆయన గోడపైన ఇనుప గ్రిల్లు, రెండు వైపులా రంగులు కూడా కలిపేశారు. ముగ్గురూ మూడు వేర్వేరు గోడలకు ధర చెప్పారు, మేమేమో వాటిని పక్కపక్కన పెట్టి పోల్చాం. తప్పు వాళ్ళది కాదు. ఏ గోడ కావాలో మేమే చెప్పలేదు.

అప్పుడు పద్ధతిగా టెండరు పిలవాలనుకున్నాం. ప్రభుత్వ పనుల్లో తిరిగిన అనుభవం కొంత ఉంది కాబట్టి నోటీసు రాసే పని నామీద పడింది. మాది ప్రైవేటు సంఘం, ప్రభుత్వ నియమాలు మమ్మల్ని కట్టిపడేయవు. కానీ ఎన్నో తగాదాలు చూసి రాసిన నియమాలవి. వాటిలో చిన్న పనికి సరిపడేవి అరువు తెచ్చుకున్నాం.

ముందు షెడ్యూలు తయారైంది. కూల్చివేత, పునాది తవ్వకం, కింద కాంక్రీటు, ప్లింత్ బీమ్, స్తంభాలు, ఇటుక పని, రెండు వైపులా ప్లాస్టరింగ్ ఇలా ఒక్కో పనినీ ఒక్కో వరుసలో పెట్టి, ఎదురుగా పరిమాణం రాశాం. ధర గడి మాత్రం ఖాళీగా ఉంచాం. మా అంచనా 8 లక్షలకు తేలింది.

తరవాత అర్హతలు. ఇక్కడే సంఘంలో పెద్ద చర్చ నడిచింది. పదేళ్ళ అనుభవం ఉండాలనీ, ఏడాదికి 50 లక్షల టర్నోవర్ ఉండాలనీ ఒకరు రాయమన్నారు. అంత పెద్ద కాంట్రాక్టరు 8 లక్షల గోడ కోసం మన గేటు దగ్గరికి రాడు. వచ్చినా కింద ఇంకెవరికో అప్పగించి వెళ్ళిపోతాడు. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో ఇచ్చిన సూచనల్లో ఇందుకు మంచి కొలత ఉంది. ఇలాంటి పనులే మూడు చేసి ఉంటే ఒక్కొక్కటి అంచనాలో 40 శాతం, రెండు చేసి ఉంటే 50 శాతం, ఒక్కటే అయితే 80 శాతం విలువైనదై ఉండాలి. సగటు వార్షిక టర్నోవర్ అంచనాలో 30 శాతం ఉంటే చాలు. మా గోడకు లెక్కేస్తే 3 లక్షల 20 వేల పనులు మూడు, లేదా 4 లక్షలవి రెండు, లేదా 6 లక్షల 40 వేలది ఒకటి. టర్నోవర్ 2 లక్షల 40 వేలు. మా వీధిలో గోడలు కట్టే మేస్త్రీ కూడా ఇందులో ఇమిడిపోతాడు, పనికి కొత్తవాడు ఇమడడు. మాకు కావలసింది అదే.

జీఎస్టీ నంబరు తప్పనిసరి అని రాయబోయి ఆగిపోయాం. సేవలు, కాంట్రాక్టు పనులు చేసేవారి వార్షిక వ్యాపారం 20 లక్షలు దాటకపోతే సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ ఒక్క మాట రాసి ఉంటే నిజాయితీగా పనిచేసే చిన్న మేస్త్రీలకు తలుపు మూసేసినట్టే. అందుకని ‘రిజిస్ట్రేషన్ అవసరమైనవారు నంబరు ఇవ్వాలి’ అని మార్చాం. ధరల పట్టికలో పని ధర, దానిపై పన్ను, మేము చివరికి కట్టాల్సిన మొత్తం అని మూడు గడులు పెట్టి, మూడో గడినే పోలుస్తామని నోటీసులోనే చెప్పేశాం.

ధరావతు 16 వేలు అడిగాం. కేంద్రం 2017 ఆర్థిక నియమావళి ప్రకారం ధరావతు అంచనా విలువలో 2 నుంచి 5 శాతం మధ్య ఉండాలి. మాది 2 శాతం. టెండరు వేసి, పని వచ్చాక వెనక్కి తగ్గకుండా ఉండేందుకే ఇది. మరీ ఎక్కువ పెడితే చిన్నవాళ్ళు డీడీ తీయలేక ఆగిపోతారు. పని రానివారికి ఏడు రోజుల్లో తిరిగిస్తామని రాశాం, అలాగే ఇచ్చాం.

గడువుకూ అదే నియమావళిని చూశాం. బహిరంగ టెండరుకు కనీసం మూడు వారాలు ఇవ్వాలంటుంది. నోటీసు 3వ తేదీన పెట్టాం, కవర్లకు చివరి గడువు 24వ తేదీ సాయంత్రం 5 గంటలు. మధ్యలో 12వ తేదీ ఆదివారం ఉదయం 10 గంటలకు స్థలం చూపించడం. 15 దాకా ప్రశ్నలు రాసివ్వొచ్చు, 17న జవాబులు. ఈ తేదీల మధ్య ఖాళీ చాలా ముఖ్యం. సైట్ చూపించిన మర్నాడే కవరు అడిగితే చూసినదాన్ని లెక్కలోకి తెచ్చుకునే వ్యవధే ఉండదు.

12వ తేదీకి ముందే గోడ పక్కన ఒక పరీక్ష గొయ్యి తవ్వించి ఉంచాం. నాకు ఆ రోజంతటిలో బాగా గుర్తున్నది ఆ గొయ్యే. వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన అందులోకి దిగి, గోడకు అంటుకున్న మట్టిని గుప్పిట్లో పిసికి చూశారు. ‘‘ఇక్కడిదాకా రేగడే సార్. మొరం మీటరు ఇరవై దగ్గర తగిలింది. మీ షెడ్యూల్లో తొంభై సెంటీమీటర్లే రాశారు’’ అన్నారు. టేపు పెడితే ఆయన మాటే నిజం. పునాది వెడల్పు 75 సెంటీమీటర్లు కాబట్టి మేము రాసిన తవ్వకం 40.5 ఘనపు మీటర్లు. మొరం దాకా వెళ్ళాలంటే 54. రేగడి మీద ఆపి ఉంటే కొత్త గోడ కూడా పాతదానిలాగే ఒరిగేది.

సందు వెడల్పు 12 అడుగులు. లారీ తిరగదు, ట్రాక్టరే రావాలి. పాత గోడ ఇటుక పని దాదాపు 25 ఘనపు మీటర్లు, కూల్చాక గుల్లబారి 35 దాకా అవుతుంది. ట్రాలీకి వంద ఘనపు అడుగులు పట్టినా పన్నెండు, పదమూడు ట్రిప్పులు. ఇదంతా ధరలోకి రావాల్సిందే, కానీ ఏ డ్రాయింగులోనూ కనపడదు. వేపచెట్టు వేరు గోడ కిందికి పోయింది, దాన్ని ఎవరు చూసుకోవాలి? బాగున్న పాత ఇటుకలు ఎవరివి? నీళ్ళు, కరెంటు ఎవరిస్తారు? పక్కింటి పెరట్లో నిచ్చెన వేసుకోవడానికి అనుమతి ఎవరు తేవాలి? అన్నీ ఆ గంటలోనే వచ్చాయి.

జవాబులు అక్కడికక్కడ నోటితో చెప్పకూడదని నేను పట్టుబట్టాను. ఒకరికి ఒకటి చెప్పి, ఇంకొకరికి ఇంకొకటి చెప్పడం ఉద్దేశం లేకుండానే జరిగిపోతుంది. ప్రశ్నలన్నీ రాసుకుని, అడిగినవారి పేరు లేకుండా, 17వ తేదీన షెడ్యూలు తీసుకున్న అందరికీ ఒకే కాగితం పంపాం. వేరు కొట్టకూడదు, అక్కడ స్తంభాన్ని పక్కకు జరిపి బీమ్ దాటించాలి. పాత ఇటుకలు కాంట్రాక్టరువి, వాటి విలువ తగ్గించి ధర వేయాలి. నీళ్ళు మా బోరువి, కరెంటుకు సబ్‌మీటరు. పక్కింటివారి అనుమతి మేమే తెస్తాం. తవ్వకం 54 ఘనపు మీటర్లు. మొరం ఇంకా లోతుకుపోతే అదనపు తవ్వకానికి అదే రేటు. ఈ కాగితం మీద సంతకం పెట్టి కవర్లో జతచేయాలన్నాం.

అందరినీ ఒకే సమయానికి పిలిచి, ఒకే రిజిస్టరులో సంతకాలు తీసుకుంటే పోటీలో ఎవరెవరున్నారో వాళ్ళకి తెలిసిపోతుంది. గేటు బయట టీ దగ్గరే మాట్లాడుకుని రింగవ్వచ్చు. అందుకని ఆదివారం రాలేనివారు 13 నుంచి 15 దాకా ఉదయం ఏడు, తొమ్మిది గంటల మధ్య వచ్చి చూడొచ్చని రాశాం. చూసినవారికి రిజిస్టరు కాకుండా విడి చీటీ ఇచ్చాం. పూర్తిగా ఆపగలమని కాదు, సులువు మాత్రం చేయలేదు.

కవర్లు రెండు. ‘ఎ’ కవర్లో డీడీ, పాన్, చేసిన పనుల ఆర్డర్లు, పూర్తయినట్టు ధ్రువపత్రాలు, సైట్ చూసిన చీటీ, 17వ తేదీ కాగితం. ‘బి’ కవర్లో ధరలు మాత్రమే. రెండూ అంటించి పెద్ద కవర్లో పెట్టి, పైన పని పేరు రాసి, ఆఫీసులో తాళం వేసిన పెట్టెలో వేయాలి. ‘ఎ’ కవరు సరిగా లేనివారి ‘బి’ కవరు తెరవకుండానే తిరిగిస్తాం. ధర చూశాక అర్హత చూస్తే, తక్కువ ధర ఉన్నచోట లోపాలు కంటికి ఆనవు.

24న ఐదున్నరకు, వచ్చినవాళ్ళ ఎదుటే తెరిచాం. మూడు కవర్లూ అర్హమైనవే. మొదటివారు పనికి 7 లక్షల 60 వేలు వేశారు. చూడగానే అందరి మొహాలూ వెలిగాయి. దానిపై 18 శాతం పన్ను 1,36,800 కలిపితే మేము కట్టాల్సింది 8,96,800. రెండో ఆయన అన్నీ కలిపి 8,52,000. మూడోది చిన్న మేస్త్రీది, పన్ను లేదు, 8,56,000. రెండో ఆయనే ఎల్-1 అనుకున్నారంతా.

లెక్కలు సరిచూడటం అప్పుడు మొదలైంది. మేస్త్రీ తవ్వకానికి ఘనపు మీటరు 640 రూపాయలు వేసి, 54తో హెచ్చించిన చోట 43,560 అని రాశాడు. కావలసింది 34,560. విడి రేటుకూ మొత్తానికీ తేడా వస్తే రేటే చెల్లుతుందనీ, అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాలే చెల్లుతాయనీ నోటీసులో రాసుకున్నాం. 9 వేలు తగ్గి ఆయన మొత్తం 8,47,000 అయింది. పని ఆయనకే వెళ్ళింది. రెండో ఆయన అక్కడే ఉన్నారు. నోటీసు తీసి ఆ పంక్తి చదువుకుని, హెచ్చవేతను తన ఫోన్‌లో తానే చేసి చూసుకుని, సరేనన్నారు. ఆ నియమం ముందుగా రాసి ఉండకపోతే ఆయన్ని ఎలా ఒప్పించేవాళ్ళమో నాకు తెలియదు.

పని మొదలైన వారానికి వేపచెట్టు దగ్గర 8 మీటర్ల మేర మొరం ఇంకో 20 సెంటీమీటర్లు కిందకు దిగింది. మేస్త్రీ తవ్వకం ఆపి నన్ను పిలిచి, ఒప్పందానికి జతచేసిన 17వ తేదీ కాగితం చూపించాడు. ఇద్దరం టేపు పట్టి కొలిచాం. 1.2 ఘనపు మీటర్లు తేలింది. కొలతల పుస్తకంలో రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి, బిల్లుకు 768 రూపాయలు కలిపాం.