లక్కబొమ్మ కొరియర్ ఎక్కేముందు

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే పదిహేను మంది సంఘం కట్టి, ఇన్నాళ్లూ వారం సంతల్లో అమ్ముకున్న సరుకును ఆన్‌లైన్‌లో పెట్టాలనుకున్నారనుకుందాం. చేతిలో ఉన్న రకాలన్నీ ఒకేసారి పెట్టేయాలనిపిస్తుంది. నా మాట వింటే, మొదట నాలుగైదు చాలు. అవి కూడా సంతలో బాగా అమ్ముడుపోయేవి కాదు, కొరియర్ ఖర్చు పోను నాలుగు రూపాయలు మిగిల్చేవి.

లెక్క వేసి చూద్దాం. సంతలో 200 రూపాయలకు ఇచ్చే బొమ్మకు అంకుడు కర్ర, లక్క, కూలి కలిపి 130 అవుతుందనుకోండి. ఆన్‌లైన్‌లో అదే ధర పెడితే కమీషన్ 30, పెట్టె 25, కొరియర్ 80 పోతాయి. మిగిలేది 65, అంటే బొమ్మకు 65 నష్టం. అవే నాలుగు బొమ్మలను సెట్‌గా 900కి పెడితే కమీషన్ 135, పెట్టె 40, కొరియర్ 110 పోయి 615 చేతికొస్తుంది. తయారీకి 520 తీసేస్తే 95 మిగులుతుంది. పన్ను, విరిగి తిరిగొచ్చే సరుకు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

పెట్టె కొలత మీద కూడా కన్నేయాలి. కొరియర్ వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. అలా వచ్చిన బరువు, అసలు బరువుల్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. 30, 20, 15 కొలతల పెట్టెలో అర కిలో బొమ్మలు పెట్టినా 1.8 కిలోలకు కట్టాల్సిందే. 20, 15, 10 పెట్టెలో పట్టిస్తే 600 గ్రాములే. అందుకే ముందు పెట్టె ఎంచుకుని, అందులో ఇమిడే సెట్‌నే తయారుచేయడం మేలు.

సంతలో కొనేవాళ్లు బొమ్మను తిప్పి చూసుకుంటారు. తెర మీద చూసేవాళ్లకు ఆ వీలుండదు కనుక పగటి వెలుతురులో ఫొటో తీసి, చేతిలో పట్టుకున్న ఫొటో ఒకటి జోడించి, ఎత్తు సెంటీమీటర్లలో రాయాలి. సహజ రంగు ఒక విడతకూ మరో విడతకూ కాస్త మారుతుందని కూడా అక్కడే చెప్పాలి. అది దాస్తే బొమ్మలు వెనక్కి వస్తాయి.

వేదికకో, పెద్ద దుకాణానికో ఇచ్చే ప్రతిపాదన ఒక్క పేజీ మించనక్కర్లేదు. కళ చరిత్రకు రెండు వాక్యాలు చాలు. అవతలివాళ్లు వెతికేది నెలకు ఎన్ని సెట్లు ఇవ్వగలరు, ఆర్డరు అందాక ఎన్నాళ్లకు పంపగలరు అన్నవే. పండగలు, పెళ్లిళ్లు, కరెంటు కోతలు తీసేసి, నిజంగా ఇవ్వగలిగిన సంఖ్యే రాయాలి.

కాగితాల సంగతీ అందులోనే ఉండాలి. వేదిక ద్వారా రాష్ట్రం దాటి అమ్మితే, వ్యాపారం చిన్నదైనా జీఎస్టీ నంబరు కావాలి. 2021 జనవరి నుంచి ఆటబొమ్మలకు బీఐఎస్ ముద్ర తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తాము చేసి తామే అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. సంఘం పేరుతో అమ్మితే అది వర్తిస్తుందా అన్నది ఆ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి.

సంతలు మానేయనక్కర్లేదు గానీ, ఆన్‌లైన్ సరుకును వేరే పెట్టెలో పెట్టి తాళం వేయాలి. లేకపోతే ఆదివారం సంతలో చివరి సెట్ అమ్ముడైపోతుంది, అదే రాత్రి దానికే ఆర్డరు వస్తుంది.