తొలి కారు ఎంపిక

వర్ధన్నపేట మీదుగా పోయే వరంగల్లు – ఖమ్మం రహదారిని గమనించినవారికి ఒక విషయం తెలుస్తుంది. ఆ దారిలో వేగంగా పోయే బస్సులతోపాటు వెనుక దీపాలు లేని ట్రాక్టర్లు, వెడల్పుకు మించి పత్తి నింపుకొన్న వాహనాలు కూడా సాగుతుంటాయి. వరికోతల కాలంలో కొన్నిచోట్ల రోడ్డు అంచునే ధాన్యం ఆరబోస్తారు. కొత్తగా కారు నడపడం నేర్చిన యువతీయువకులు మొదట అలవాటు పడవలసినది ఇటువంటి దారులకే. కనుక బిడ్డకు తొలి కారు కొనదలచిన తల్లిదండ్రులు భద్రత, ఇంజను శక్తి, బీమా ఖర్చు అనే మూడింటిని కలిపి తూచవలసి ఉంటుంది.

అంతకుముందు చట్టం మాట. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారు కారు నడపరాదు. పదహారేళ్లు నిండినవారికి అనుమతి ఉన్నది 50 సీసీలోపు గేర్లు లేని ద్విచక్ర వాహనానికి మాత్రమే. 2019లో ఈ చట్టానికి చేసిన సవరణ మైనరు నేరానికి సంరక్షకుణ్ణి లేదా వాహన యజమానిని బాధ్యుణ్ణి చేసింది. దీనికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా ఉంటాయి. వాహనపు రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పద్దెనిమిదేళ్లు నిండి, లైసెన్సు పొందినవారి గురించేనని గ్రహించాలి.

బీమా చెప్పని సంగతి

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లలు పదహారేళ్లకే కారు నడపడం సామాన్యం. అక్కడ పాలసీలో యువ చోదకుని పేరు చేరగానే ప్రీమియం బాగా పెరుగుతుంది. శక్తిమంతమైన కారయితే ఆ భారం మరీ ఎక్కువ. అందువల్ల తల్లిదండ్రులు తమంతట తామే నిదానమైన, భద్రమైన కారు వైపు మొగ్గుతారు.

మన దేశంలో పరిస్థితి వేరు. ఇతరులకు కలిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బీమా ప్రతి కారుకూ తప్పనిసరి. దాని ప్రీమియం చోదకుని వయస్సును బట్టి కాక, ఇంజను పరిమాణాన్ని బట్టి నిర్ణయమవుతుంది. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం, పన్నులు కాక, ఏడాదికి 1000 సీసీ వరకు రూ.2,094; 1000 నుండి 1500 సీసీ వరకు రూ.3,416, అంతకు మించితే రూ.7,897. యాభై ఏళ్ల తండ్రి నడిపినా, పద్దెనిమిదేళ్ల కూతురు నడిపినా ఈ మొత్తం ఒక్కటే. అంటే ఇతర దేశాలలో బీమా సంస్థ ప్రీమియం ద్వారా చేసే హెచ్చరికను ఇక్కడ తల్లిదండ్రులే తమకు తాము చేసుకోవాలి.

సీసీ వేరు, శక్తి వేరు

సీసీ తక్కువైతే శక్తి కూడా తక్కువే అని చాలామంది అనుకొంటారు. టర్బో ఇంజన్లు వచ్చిన తరువాత ఇది నిజం కాదు. టర్బో యంత్రం గాలిని ఒత్తిడితో సిలిండర్లలోకి నెట్టి, చిన్న ఇంజనుచేత పెద్ద ఇంజను పని చేయిస్తుంది. 2019లో విడుదలైన హ్యుందాయ్ వెన్యూలోని టర్బో ఇంజను 998 సీసీ మాత్రమే. అయినా దాని శక్తి సుమారు 120 అశ్వశక్తులు. దాదాపు అంతే పరిమాణం గల ఆల్టో కె10 సాధారణ ఇంజను శక్తి సుమారు 67. థర్డ్ పార్టీ బీమా లెక్కలో ఈ రెండూ ఒకే శ్రేణి! కనుక బీమా పత్రంలోని సీసీతో తృప్తిపడక అశ్వశక్తిని విడిగా అడిగి తెలుసుకోవాలి.

వేగం రెట్టింపయితే కారులోని గతిశక్తి నాలుగింతలవుతుందని మీరు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారును ఆపడానికి బ్రేకులు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకన్నా నాలుగు రెట్లు పని చేయాలి. త్వరగా ఆ వేగాన్ని అందుకొనే కారు, అనుభవం లేని చోదకునికి ఆలోచించే వ్యవధిని తగ్గిస్తుంది. అలాగని ట్రాక్టరును దాటడానికి కూడా చాలని బలహీనమైన ఇంజనూ మంచిది కాదు.

ఒక ఉదాహరణ

వర్ధన్నపేట నుండి రోజూ వరంగల్లులోని కళాశాలకు వెళ్లే పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఉన్నదనుకొందాం. ఆమె తల్లిదండ్రుల ముందు మూడు కార్లు ఉన్నాయి: పైన చెప్పిన టర్బో కారు, ఆల్టో కె10, 2024లో వచ్చిన కొత్త డిజైర్. మొదటిదాని శక్తి ఆమెకు అవసరానికి మించినది. కనుక దానిని పక్కన పెట్టారు.

మిగిలిన రెండింటిలో భద్రతను చూడాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డంకికి ఢీకొట్టించి, లోపలి బొమ్మలకు తగిలిన దెబ్బలను కొలిచి నక్షత్రాలు ఇస్తుంది. 2022లో ఈ పరీక్ష మరింత కఠినమైంది. కాబట్టి నక్షత్రాలతోపాటు పరీక్ష జరిగిన సంవత్సరాన్ని, అప్పుడు కారులో ఉన్న ఎయిర్‌బ్యాగుల సంఖ్యను కూడా చూడాలి. కఠినతరమైన ఈ పద్ధతిలోనే పెద్దల రక్షణకు ఆల్టో కె10కు 2023లో రెండు నక్షత్రాలు, కొత్త డిజైర్‌కు 2024లో ఐదు నక్షత్రాలు లభించాయి. మొదటిదానిని రెండు ఎయిర్‌బ్యాగులతో, రెండవదానిని ఆరింటితో పరీక్షించారు.

డిజైర్ ఇంజను 1197 సీసీ, శక్తి సుమారు 82 అశ్వశక్తులు. థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి రూ.1,322 అధికం, అంటే నెలకు నూటపది రూపాయలు. కారు ధర ఎక్కువ కావడంవల్ల సొంత నష్టానికి చేసే బీమా కూడా కొంత పెరుగుతుంది. ఆ ధర కుటుంబానికి భారమైతే రెండేళ్లు వాడిన కారును ఎంచుకోవచ్చు. వయస్సుతోపాటు బీమా విలువ తగ్గుతుంది. ఏడాది దాటి రెండేళ్లలోపు కారుకు ఇరవై శాతం తరుగు కడతారు. అయితే వాడిన కారు కొనేటప్పుడు తాళం తిప్పి చూడాలి. ఎయిర్‌బ్యాగు గుర్తు గల దీపం వెలిగి, కొద్ది క్షణాలలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా ఆ వ్యవస్థలో లోపమున్నట్లే.

పత్రాలలో చూడవలసినవి

పాత కారు చేతులు మారిన పద్నాలుగు రోజులలోపు బీమా సంస్థకు తెలిపి పాలసీని కొత్త యజమాని పేరుకు మార్పించాలి. లేనియెడల కారుకు కలిగిన నష్టానికి పరిహారం అందదు. క్లెయిము లేకుండా గడిచిన సంవత్సరాలకు లభించే తగ్గింపు ఇరవై శాతంతో మొదలై ఐదేళ్లకు యాభై శాతానికి చేరుతుంది. ఒక్క క్లెయిముతో అది పోతుంది. కనుక కొత్త చోదకులకు సహజమైన చిన్న గీతలకు పరిహారం కోరకపోవడమే లాభం.

అన్నిటికన్నా ఎక్కువగా మరచిపోయేది మరొకటి ఉన్నది. యజమాని-చోదకునికి వర్తించే పదిహేను లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా, కారు ఎవరి పేరున ఉన్నదో వారికే రక్షణ ఇస్తుంది. కారు తండ్రి పేరున ఉండి, కూతురు నడుపుతూ గాయపడితే అది ఆమెకు వర్తించదు. అందుచేత కారును ఆమె పేరుననే రిజిస్టరు చేయించాలి, లేదా ఆమె పేరు పేర్కొంటూ అదనపు ప్రమాద బీమా తీసుకోవాలి. కారు ఎవరికోసం కొన్నారో ఆ బిడ్డకే బీమా అండ లేకుండా పోకూడదు కదా!