ఆ ఫోన్‌లో కస్టమర్ అన్నదేమిటి?

“కస్టమర్‌కి ఎక్స్‌పైరీ సమస్య ఉంది. రేటు ఎక్కువన్నారు. చాలా ఆసక్తిగా ఉన్నారు. ఫాలోఅప్ చేయాలి.”

ముప్పై నాలుగు నిమిషాల ఫోన్ సంభాషణను ఇలా నాలుగు ముక్కల్లో తేల్చేస్తే అది సారాంశం అనిపించుకోదు. ఇందులో ఏ ముక్కనైనా తీసి ఇంకో కస్టమర్ పేరు కింద రాసినా సరిగ్గా అతికిపోతుంది. సేల్స్ వాళ్లు ‘డిస్కవరీ కాల్’ అనేది మొదటిసారి మాట్లాడే ఫోన్‌ని. సరుకు గురించి చెప్పడానికి కాదు, ఎదుటివాళ్ల అవసరమేమిటో అడిగి తెలుసుకోవడానికి చేస్తారు. తెలుసుకున్నది కాగితం మీదికి రాకపోతే ఆ ఫోన్ చేసీ చేయనట్టే.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. విజయవాడలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. చుట్టుపక్కల మెడికల్ షాపులకు సరుకు వేస్తుంది. దాని యజమానితో, స్టాకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్మే హైదరాబాద్ కంపెనీ అమ్మాయి ఒకరు మాట్లాడారు. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పారు. ఆ మాటల్నే యంత్రం అక్షరాల్లోకి మార్చింది. పైన చెప్పిన నాలుగు ముక్కలు ఆ అమ్మాయి రాసుకున్నవే.

ట్రాన్‌స్క్రిప్ట్ చేతికి రాగానే సారాంశం మొదలుపెట్టకూడదు. ముందు ఆడియో వింటూ అంకెలు సరిచూసుకోవాలి. మన సంభాషణల్లో సగం తెలుగు, సగం ఇంగ్లీషు. యంత్రానికి తడబాటు సహజం. ఇక్కడ “ఇరవై వేలు పోయింది” అని పడింది. వింటే, ఆయన అన్నది అరవై వేలు. క్రియ చివర్ల మీద కూడా ఓ కన్నేయాలి. ‘కుదురుతుంది’, ‘కుదరదు’ తేడా అంతా మాట చివర్లోనే ఉంటుంది, ఫోన్‌లో మనం సరిగ్గా ఆ చివరనే మింగేస్తాం. ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట ఒకరి మాట ఇంకొకరి పేరున పడుతుంది. అమ్మేవాళ్లు అన్న మాట కస్టమర్ ఖాతాలో పడితే సారాంశమంతా తలకిందులవుతుంది.

ఆ తర్వాత కస్టమర్ మాటలకు మాత్రమే గీత గీసుకుంటూ చదవాలి. అమ్మాయి అడిగింది: “ఎక్స్‌పైరీ సమస్య మీకు బాగానే ఉంటుంది కదా సార్?” ఆయన జవాబు: “ఆ, ఉంటుందమ్మా, ఎవరికి ఉండదు?” సారాంశంలోని మొదటి ముక్క పుట్టింది ఇక్కడే. కానీ సమస్య పేరెత్తింది ఆ అమ్మాయి, ఆయన మర్యాదకి తలూపాడు. దీన్ని అవసరం కింద రాయకూడదు.

అసలు మాట పద్నాలుగో నిమిషంలో ఉంది. “మొన్న దసరా ముందు గోడౌన్ సర్దుతుంటే మూల రెండు పెట్టెలు బయటపడ్డాయి. డేటు అయిపోయింది. కంపెనీ వాళ్లు వెనక్కి తీసుకోమన్నారు. అరవై వేలు పోయింది.” ఇది ఎవరూ అందించకుండా తనంతట తాను చెప్పింది. ఇంకో ఆరు నిమిషాలకు మరో మాట: “మూడు నెలల ముందే, ఫలానా బ్యాచ్ అయిపోతోందని నా ఫోన్‌కి రావాలమ్మా. అది చేస్తే చాలు.”

ఈ రెంటికీ తేడా ఉంది. మొదటిది బాధ, రెండోది కోరిక. నీల్ ర్యాకమ్ అనే బ్రిటిష్ పరిశోధకుడు తన బృందంతో కలిసి పన్నెండేళ్లలో 35,000 సేల్స్ సంభాషణలను పరిశీలించి, 1988లో ‘స్పిన్ సెల్లింగ్’ పుస్తకం రాశాడు. చిన్న అమ్మకాల్లో కస్టమర్ బాధ చెప్పుకోవడం కూడా మంచి గుర్తే కానీ, పెద్ద అమ్మకాల్లో తేల్చేది ‘నాకిది కావాలి’ అని నోరు తెరిచి చెప్పిన కోరికేనని ఆయన తేల్చాడు. అందుకని సారాంశంలో రెంటినీ విడివిడిగా, ఆయన మాటల్లోనే, పక్కన నిమిషం వేసి రాయాలి. ‘ఇన్వెంటరీ నిర్వహణ మెరుగుపరచాలి’ అని సొంత భాషలోకి మార్చామా, మూడు నెలల గడువూ పోతుంది, ఫోన్‌కి రావాలన్నదీ పోతుంది.

అభ్యంతరాల దగ్గర ఆ అమ్మాయి ‘రేటు’ అని రాసింది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో “రేటు కాస్త చూడండి” అన్న మాట ఒక్కసారే ఉంది, ఆ తర్వాత ఆయన దాని జోలికే పోలేదు. బేరమాడకుండా కొంటే మనకు కొన్నట్టు ఉండదు కదా; అలా అనడం అలవాటు. అదే ఆయన అకౌంటెంట్ గురించి మూడుసార్లు ఎత్తాడు. “మాకు టాలీ ఉంది కదా, మా అకౌంటెంట్‌గారు పదిహేనేళ్లుగా దాంట్లోనే చేస్తున్నారు.” “ఆయనకి కొత్తవి అంటే చిరాకు.” చివర్లో, “ఆయన్ని ఇబ్బంది పెట్టేదైతే మాత్రం వద్దమ్మా.” అసలు అభ్యంతరం ఇదే. మూడోసారి షరతు కూడా పెట్టాడు. దీన్ని వదిలేసి మర్నాడు పది శాతం తగ్గింపుతో ఫోన్ చేస్తే, అడ్డుపడని చోట డబ్బు పోసినట్టు. అభ్యంతరం పక్కన ఇంకో సంగతి కూడా రాయాలి: దానికి మనవైపు నుంచి జవాబు వెళ్లిందా? ఇక్కడ మూడుసార్లూ ఆ అమ్మాయి “చాలా ఈజీ సార్” అని దాటేసింది. కాబట్టి ఆ అభ్యంతరం ఇంకా అలాగే ఉంది.

అందరూ బోల్తా పడేది కొనే సూచనల దగ్గర. “బాగుందమ్మా, చాలా బాగుంది” అని ఆయన నాలుగుసార్లు అన్నాడు. అది సూచన కాదు, మంచితనం. పెళ్లిచూపుల్లో పిల్ల తరఫువాళ్ల కాఫీ బాగుందన్నట్టే. సూచన ఎప్పుడూ కొన్న తర్వాతి రోజుల గురించిన ప్రశ్నగా వస్తుంది. “పాత స్టాకంతా మళ్లీ టైపు కొట్టాలా, టాలీలోంచి తీసుకుంటారా?” అన్నాడు. “ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త లెక్కలు, అప్పటికి అవుతుందా?” అన్నాడు. అప్పటికే ఆయన మనసులో ఆ సాఫ్ట్‌వేర్ తన గోడౌన్‌లో నడుస్తోంది.

ఇక మన ‘చూద్దాం’. ‘అన్నయ్యతో మాట్లాడి చెప్తా’ అన్నా అంతే. దాన్నిబట్టి అటూ చెప్పలేం, ఇటూ చెప్పలేం. ర్యాకమ్ ఇక్కడ ఒక పనికొచ్చే గీత గీశాడు. సంభాషణ ముగిశాక ఎదుటివాళ్లు ఏదైనా ఫలానా పని చేయడానికి ఒప్పుకుంటే అది ‘అడ్వాన్స్’. మన షాపుల్లో ఇచ్చే అడ్వాన్స్ కాదు, అమ్మకం ఒక అడుగు ముందుకు పడటం. మళ్లీ మాట్లాడదాం అని మాత్రం అనుకుంటే అది కొనసాగింపు, అంతకుమించి ఏమీ కాదు. మన ట్రాన్‌స్క్రిప్ట్‌లో ముప్పై రెండో నిమిషంలో, వీడ్కోళ్ల హడావిడిలో, ఒక మాట ఉంది: “పెద్ద మొత్తాలన్నీ అన్నయ్యే చూస్తాడు. శనివారం గోడౌన్‌లో ఉంటాడు, వస్తే చూపించు.” రోజు ఉంది, చోటు ఉంది, డబ్బు తేల్చే మనిషి ఉన్నాడు. ఫోన్‌లో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇది. ఆ అమ్మాయి దీన్ని ‘ఫాలోఅప్’ అన్న ఒక్క మాటలో కలిపేసింది.

తిరగరాస్తే ఇలా ఉంటుంది:

అవసరం: గడువు మూడు నెలలుందనగా బ్యాచ్ వివరం యజమాని ఫోన్‌కి రావాలి (20:10). కారణం: దసరా ముందు అరవై వేల నష్టం (14:20).
అభ్యంతరం: అకౌంటెంట్‌కి ఇబ్బంది కాకూడదు, మూడుసార్లు అన్నారు, జవాబు ఇవ్వలేదు. రేటు: ఒకసారి, పట్టుపట్టలేదు.
సూచనలు: టాలీ డేటా ఎక్కించడం గురించి, ఏప్రిల్ 1 గురించి అడిగారు. శనివారం గోడౌన్‌కి రమ్మన్నారు, అన్నయ్య ఉంటారు (32:05).
అడగనివి: ఎంతవరకు పెట్టగలరు? ఇంకెవరి సాఫ్ట్‌వేరైనా చూస్తున్నారా?

చివరి వరుసను చాలామంది రాయరు. ఖాళీ కనబడితే చిన్నతనమనుకుని, “బడ్జెట్ ఉన్నట్టుంది” అని ఊహతో నింపేస్తారు. నెల తిరిగేసరికి ఆ ఊహ మేనేజర్ లెక్కల్లో నిజమై కూర్చుంటుంది. నిమిషం వేయలేని వాక్యం ఏదైనా ఉంటే కొట్టేయడమే దీనికి మందు. తర్వాత ఆ కాగితాన్ని ఫోన్‌లో లేని సహోద్యోగి ఒకరి చేతికిచ్చి, శనివారం నువ్వే వెళ్లాల్సివస్తే ఏం పట్టుకెళ్తావని అడగాలి. ‘ఫాలోఅప్ చేయాలి’ చదివినవాళ్లు బ్రోషర్ పట్టుకెళ్తారు. ఈ కాగితం చదివినవాళ్లు టాలీ డేటా ఎక్కించి చూపించడానికి ల్యాప్‌టాప్ సర్దుకుంటూ, శుక్రవారమే యజమానికి ఫోన్ చేస్తారు: “సార్, రేపు మీ అకౌంటెంట్‌గారు కూడా ఉంటారా?”