హక్కు, విధి, అధికారము, ఉన్ముక్తి

"హక్కునకు, అధికారమునకు భేదమేమి?" అని మౌఖిక పరీక్షలో అడుగుదుము. 1913లో హోఫెల్డ్ చూపిన ఈ భేదము సైకిలు బేరములో తెలియును.

"నా సైకిలును 500 రూపాయలకు ఇచ్చెదను" అని రహీము రాముతో అనెను. రామునకు సైకిలుపై హక్కు కలిగెనా? లేదు. కలిగినది అధికారము, "సరే" యను మాటతో రహీముపై విధిని కల్పింపగలడు. అంతవరకు రహీము తన మాటను ఉపసంహరించుకొనవచ్చును, అదియు అధికారమే.

రాము "సరే" యనగానే సైకిలును కోరు హక్కు అతనిది, ఇచ్చు విధి రహీముది.

పిమ్మట రహీము "600 ఇమ్ము" అన్నచో? చెల్లదు. ధరను తానొక్కడే మార్చు అధికారము అతనికి లేదు. అదే రాముని ఉన్ముక్తి.

కనుక ఎదుటివాడు చేయవలసినది ఉన్నచో హక్కు. మన మాటతో అతని స్థితి మారినచో అధికారము. అతని మాటతో మన స్థితి మారనిచో ఉన్ముక్తి.