స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఎవరి టైము?

న్యూజెర్సీలోని సహోద్యోగి నుంచి హైదరాబాద్‌లోని ఇంజినీరుకు వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ వచ్చిందనుకుందాం. గూగుల్ క్యాలెండర్‌లో మార్చి 10, మంగళవారం కింద ఒక గడి, అందులో 9:30 – 10:00am అని ఉంది. గడి నిండా ఏటవాలు చారలు. కింద ‘ఈసారి మీరూ ఉండాలి’ అని ఒక ముక్క. ప్రతి మంగళవారం జరిగే ఆ మీటింగ్ చలికాలమంతా మన టైము ప్రకారం రాత్రి 8 గంటలకే జరిగింది. అదే లెక్కన ఈ ఇంజినీరు 2026 మార్చి 10న కూడా 8 గంటలకు లాగిన్ అయితే, మీటింగ్ ముగిసి అరగంట అయి ఉంటుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతాయి. 2026లో ఆ మార్చి ఆదివారం 8వ తేదీ. మన గడియారం ఏడాది పొడవునా మారదు. అందుకే చలికాలంలో న్యూయార్క్, న్యూజెర్సీల కంటే పదిన్నర గంటలు ముందుండే మనం, వేసవి టైములో తొమ్మిదిన్నర గంటలే ముందుంటాం. అక్కడివాళ్లు మీటింగ్‌ను కదపలేదు. వాళ్లకు ఎప్పటిలాగే ఉదయం 9:30. మనకు మాత్రం 8 కాస్తా 7 అయింది. ఐరోపా మార్చి చివరి ఆదివారం దాకా గడియారం మార్చదు కాబట్టి, ఇదే మీటింగ్‌లో లండన్ మనిషి ఉంటే ఆయనకూ మధ్యలో మూడు వారాలు టైము తారుమారవుతుంది.

స్క్రీన్‌షాట్‌లో కనిపించేది తీసినవాళ్ల గడియారం. అసలు ఆహ్వానమైతే మీ ఫోన్‌లో తెరవగానే మీ టైములోకి మారుతుంది, బొమ్మ మారదు. కాబట్టి ముందు వెతకాల్సింది ఏ టైము జోన్ అన్నదే. కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ వారం పేజీకి ఎడమవైపు పైమూలన GMT-04 లాంటి గుర్తు ఉంటుంది. స్క్రీన్‌షాట్‌ను కత్తిరించేటప్పుడు తరచుగా పోయేది ఆ మూలే. అది ఉంటే లెక్క తేలిక. 9:30కి 4 గంటలు కలిపితే 13:30, దానికి మన ఐదున్నర గంటలు కలిపితే 19:00, అంటే రాత్రి 7. మార్చి 8కి ముందు అక్కడ GMT-05 ఉండేది, అప్పుడు ఇదే లెక్క 8కి తేలేది.

ఆ మూల లేకపోతే ఊహించకండి, ‘ఏ ఊరి టైము?’ అని అడగండి. చాలామంది అమెరికన్లు అలవాటుకొద్దీ జూలైలో కూడా EST అనే రాస్తారు, అది నిజానికి చలికాలపు టైము. ఊరి పేరుతో ఆ చిక్కు రాదు. తేదీని కూడా వదలొద్దు. వేసవిలో కాలిఫోర్నియాలో సోమవారం రాత్రి 8:30 అంటే మనకు మంగళవారం ఉదయం 9.

ఇక ఆ చారలు. గూగుల్‌లో ఆహ్వానానికి Maybe అని జవాబిచ్చినప్పుడు గడి అలా చారలతో కనిపిస్తుంది. అంటే తాను వస్తానో రానో ఇంకా తేల్చుకోలేదని పంపినవాళ్లు చెప్పుకున్నారంతే. మీటింగే అనుమానమని దాని అర్థం కాదు. ఔట్‌లుక్‌లోనైతే మీరు ఇంకా జవాబివ్వని ఆహ్వానం కూడా Tentative అనే గుర్తుతో క్యాలెండర్‌లో చేరుతుంది. అక్కడ ఆ గుర్తు ఉన్నంత మాత్రాన ఎవరో ఆలోచించి పెట్టారని కూడా అనుకోలేం. మీటింగ్ ఖాయమా కాదా అన్నది ఏర్పాటు చేసినవాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

బొమ్మతో ఇంకో ఇబ్బంది ఉంది. మీటింగ్ గంట వెనక్కి జరిగినా, రద్దయినా ఆ కబురు ఆహ్వానితుల జాబితాలో ఉన్నవాళ్లకే వెళ్తుంది. ఫోన్ గుర్తు చేయడానికి మీ క్యాలెండర్‌లో ఆ మీటింగే ఉండదు. అందుకే ‘నా మెయిల్‌ను జాబితాలో చేర్చండి’ అని అడగడం మేలు. అలా వచ్చే ఆహ్వానం లోపల టైము ఇలా ఉంటుంది:

```
DTSTART;TZID=America/New_York:20260310T093000
```

టైముతో పాటు ఊరూ ఉంది కాబట్టి, గడియారం మారిన వారంలో కూడా మీ క్యాలెండర్ దాన్ని సరిగ్గా రాత్రి 7కే చూపిస్తుంది. తరచూ అమెరికాతో పనిచేసేవాళ్లు గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో రెండో టైము జోన్‌గా న్యూయార్క్‌ను పెట్టుకుంటే, రెండు ఊళ్ల గంటలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

చేర్చేదాకా ఆగే వ్యవధి లేకపోతే, స్క్రీన్‌షాట్ కిందే ఒక్క వాక్యం రాసి పంపండి: ‘మార్చి 10 మంగళవారం, న్యూయార్క్ ఉదయం 9:30, హైదరాబాద్ రాత్రి 7, మీటింగ్ ఖాయమే కదా?’ తేదీ, టైము, చారలు, మూడింటిలో దేన్ని మీరు తప్పుగా చదివినా అవతలివాళ్లు అక్కడే పట్టుకుని సరిదిద్దుతారు.