ఈ ఉద్యోగం వద్దు, ఇలాంటిదైతే చెప్పండి

హైదరాబాద్‌లో 12 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న ఒక ఇంజినీరును ఊహించుకుందాం. ఆమె కింద ఎనిమిది మంది ఉన్నారు. ఆన్‌లైన్ చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు ఎప్పుడు చేయాలో తేల్చేది ఆమే. ఒకరోజు రిక్రూటర్ నుంచి మెయిల్ వచ్చింది. సీనియర్ ఇంజినీరు కావాలట, అనుభవం 5 నుంచి 8 ఏళ్లట. ఆమెకు చిర్రెత్తుకొచ్చి, ‘నా ప్రొఫైల్ చదివారా? ఇది నా స్థాయి ఉద్యోగం కాదు’ అని టైప్ చేసింది. అదృష్టం కొద్దీ పంపలేదు.

ఆ కోపంలో న్యాయముంది. కానీ అవతలి మనిషి పని ఎలా నడుస్తుందో చూడాలి. కంపెనీలో ఒక ఖాళీకి అనుమతి వచ్చేటప్పుడే దాని గ్రేడు, జీతం హద్దు కూడా ఖాయమవుతాయి. రిక్రూటర్ నౌకరీ, లింక్డిన్‌లలో కొన్ని మాటలు కొట్టి, దొరికిన పేర్లకు మెయిళ్లు పంపుతారు. గ్రేడు పెంచే అధికారం వారికి ఉండదు. చేయగలిగింది ఒక్కటే: వచ్చిన జవాబును ఆ అభ్యర్థి పేరు పక్కన రాసిపెట్టుకోవడం. పై జవాబు వెళ్లి ఉంటే అక్కడ ‘ఆసక్తి లేదు’ అని పడేది. ఆర్నెల్ల తర్వాత అదే కంపెనీలో పెద్ద ఖాళీ వచ్చినా ఆ పేరును పక్కన పెట్టేసే అవకాశం ఎక్కువ.

ఇంకో చిక్కు హోదా పేర్లది. గూగుల్‌లో ఎల్5 అంటే సీనియర్ ఇంజినీరు. అమెజాన్‌లో అదే ఎల్5 అంటే అంతకంటే ఒక మెట్టు కిందిది. సీనియర్ కావాలంటే ఎల్6 చేరాలి. రెండింటికీ హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయాలే ఉన్నాయి, అయినా అంకె ఒకటైనంత మాత్రాన మెట్టు ఒకటి కాదు. 20 మంది ఉన్న స్టార్టప్‌లోనైతే ‘సీనియర్’ అన్న పేరు కిందే మొత్తం సాంకేతిక బాధ్యత ఉండొచ్చు. అందుకే కాదనే ముందు ఒక ప్రశ్న వేయడం మేలు: ఈ పోస్టులో ఉన్నవారు ఎవరికి రిపోర్ట్ చేస్తారు, వారికి ఎవరు రిపోర్ట్ చేస్తారు?

ఆమె అదే అడిగింది. టీమ్ లీడ్ కింద పనిచేయాలి, కింద ఎవరూ ఉండరు అని బదులొచ్చింది. అప్పుడు ఆమె రాసిన జవాబు తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

‘వివరాలు పంపినందుకు ధన్యవాదాలండీ. ఈ పోస్టులో ఒకరు అప్పగించిన భాగాన్ని రాయాలి. నేను మూడేళ్లుగా ఎనిమిది మంది టీమును నడుపుతూ, చెల్లింపుల వ్యవస్థ రూపకల్పన బాధ్యత చూస్తున్నాను. కాబట్టి దీనికి ముందుకు వెళ్లడం లేదు. ఇంజినీరింగ్ మేనేజర్ గానీ, ఒకటి కంటే ఎక్కువ టీములకు డిజైన్ తేల్చే ఆర్కిటెక్ట్ పోస్టు గానీ ఉంటే తప్పక మాట్లాడతాను. చెల్లింపులు, బ్యాంకింగ్ రంగాలైతే ఇంకా మంచిది. హైదరాబాద్‌లోనే ఉండాలి. నోటీస్ పీరియడ్ 90 రోజులు.’

ఇందులో ‘నా స్థాయి’ అన్న మాటే లేదు. ఆ పోస్టులో చేయాల్సిన పనినీ తాను చేస్తున్న పనినీ పక్కపక్కన పెట్టింది, తేడా చదివినవారికే తెలుస్తుంది. జీతం ఊసెత్తలేదు. అది మంచి పనే. జీతాన్ని కారణంగా చూపితే అదే పనికి ఇంకొంచెం ఇస్తామంటారు, అసలు అభ్యంతరం అలాగే ఉండిపోతుంది. కోరుకున్నదాన్ని రిక్రూటర్ వెతకడానికి వీలయ్యే మాటల్లో చెప్పింది. ‘సవాళ్లున్న నాయకత్వ పాత్ర’ అని రాసి ఉంటే దానితో ఏ ఖాళీనీ జత చేయలేరు. అలాగని కంపెనీ సైజు, టెక్నాలజీ, వారానికి ఇంటి నుంచి పనిచేసే రోజులు అన్నీ మొదటి మెయిల్‌లోనే బిగిస్తే సరిపోయే ఖాళీయే మిగలదు. విడువలేనివి రెండు మూడు చాలు.

రాసింది బయటి కన్సల్టెన్సీ వారైతే ఈ జవాబు విలువ ఇంకా పెరుగుతుంది. అభ్యర్థి చేరితేనే వారికి ఫీజు వస్తుంది, అదీ సాధారణంగా ఏడాది జీతంలో ఇంత శాతమని. పెద్ద పోస్టయితే ఫీజూ పెద్దదే. పైగా వారి చేతిలో వేరే కంపెనీల ఖాళీలూ ఉంటాయి.

ఒక్కోసారి రెండు రోజుల్లోనే ఫోన్ వస్తుంది: ‘మేడమ్, దీన్నే లీడ్ పోస్టుగా మార్చి ఇస్తాం, వస్తారా?’ సంతోషపడే ముందు మారింది పేరా, గ్రేడా అని అడగాలి. నిజంగా మారితే జీతం హద్దు, రిపోర్ట్ చేసే మనుషులు, ఇంటర్వ్యూ రౌండ్లు కూడా మారతాయి. అవేవీ మారకుండా లీడ్ అన్న పేరొక్కటే చేరితే అది పాత ఉద్యోగమే. అప్పుడామె మొదటి మెయిల్ కిందే మళ్లీ రెండు వాక్యాలు రాసి, కొత్త గ్రేడు మెయిల్‌లో వచ్చాకే ఇంటర్వ్యూ తేదీ ఇస్తానని చెప్పవచ్చు.