శంషాబాద్ రన్‌వే, అరువు బీటా

శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్ల టికెట్టు ధరలో యూడీఎఫ్ అనే పద్దు ఒకటి ఉంటుంది. యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అన్నమాట. దాన్ని ఎంత పెట్టాలన్నది విమానాశ్రయం ఇష్టం కాదు. ఎయిర్‌పోర్ట్స్ ఎకనామిక్ రెగ్యులేటరీ అథారిటీ, వాడుకలో ఏరా, ఐదేళ్లకోసారి లెక్కగట్టి తేలుస్తుంది. ఆ లెక్కలో ఖర్చులు, తరుగుదల, పన్నులు ఉంటాయి. వాటితోపాటు పెట్టుబడి పెట్టినవాళ్లకు ఎంత రాబడి ఇస్తే న్యాయమన్న ప్రశ్న కూడా ఉంటుంది. బ్యాంకు అప్పుకైతే వడ్డీ రేటు కాగితం మీదే ఉంటుంది. యజమానుల సొమ్ముకు అలాంటి కాగితమేదీ ఉండదు. అక్కడ పనికొచ్చేది బీటా.

బీటా అంటే మార్కెట్టు ఊగినప్పుడు మన షేరు ఎంత ఊగుతుందో చెప్పే అంకె. మార్కెట్టు 10 శాతం పడినప్పుడు షేరు సగటున 8 శాతం పడుతుంటే బీటా 0.8, 13 శాతం పడుతుంటే 1.3. ప్రభుత్వ బాండు మీద వచ్చే వడ్డీ 7 శాతం అనుకుందాం. షేర్లలో పెట్టినందుకు మదుపరులు ఆశించే అదనపు రాబడి 8 శాతం అనుకుందాం. అప్పుడు 0.8 బీటా ఉన్న షేరుకు న్యాయమైన రాబడి 7 ప్లస్ 0.8 రెట్లు 8, అంటే 13.4 శాతం.

చిక్కేమిటంటే హైదరాబాద్ విమానాశ్రయ కంపెనీ షేరు మార్కెట్లో లేదు. ఊగే షేరే లేనప్పుడు ఊపు కొలిచేదెలా? మాతృసంస్థ జీఎంఆర్ షేరు ఉంది కానీ, అందులో ఢిల్లీ, గోవా విమానాశ్రయాలు కూడా కలిసిపోయి ఉన్నాయి. అందుకే ఇలాంటి పనిలో ఉన్నవాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్, ప్యారిస్, జూరిక్, ఆక్లాండ్ వంటి చోట్ల షేరు మార్కెట్లో ఉన్న విమానాశ్రయ కంపెనీల బీటాలను అరువు తెచ్చుకుంటారు. తెచ్చుకున్నవాటి సగటు తీసి వాడేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు, ఎందుకంటే ఆ అంకెల్లో విమానాశ్రయం ఊపు ఒక్కటే లేదు. ఆ కంపెనీ చేసిన అప్పు ఊపు కూడా కలిసి ఉంది.

ఇది ఎలాగో చూద్దాం. ఒక విమానాశ్రయం విలువ 100 కోట్లు, అప్పు లేదు. కాలం బాగాలేక విలువ 90కి పడితే యజమాని పోగొట్టుకునేది 10 శాతం. ఇప్పుడు అదే విమానాశ్రయాన్ని 50 కోట్లు సొంతంగా పెట్టి, 50 కోట్లు అప్పు తెచ్చి కొన్నాడనుకోండి. విలువ 90కి పడినా అప్పిచ్చినవాడికి రావలసింది 50 కోట్లే. యజమానికి మిగిలేది 40. ఆయన 50లో 10 పోయింది, అంటే 20 శాతం. అప్పు 75 అయితే ఆయన 25లో 10 పోయి, దెబ్బ 40 శాతం అవుతుంది. రన్‌వే అదే, దిగే విమానాలు అవే, ప్రయాణికులు వాళ్లే. యజమాని ఊపు మాత్రం ఒక రెట్టు నుంచి రెండు, నాలుగు రెట్లకు వెళ్లింది.

కాబట్టి బయట కనిపించే షేరు బీటా నుంచి అప్పు వల్ల వచ్చిన ఊపును ముందు తీసెయ్యాలి. మిగిలేది వ్యాపారపు బీటా. దాన్ని మన కంపెనీకి తెచ్చి, మన అప్పు నిష్పత్తికి తగిన ఊపును మళ్లీ కలపాలి. మొదటిది అన్‌లెవరింగ్, రెండోది రీలెవరింగ్. దీనికి అందరూ వాడే సూత్రం షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ హమాడా పేరు మీద ఉంది. 1972లో వచ్చిన ఆయన వ్యాసం అమెరికన్ కంపెనీల లెక్కలు తీసి, షేర్లలో కనిపించే మార్కెట్ రిస్కులో ఇంచుమించు 21 నుంచి 24 శాతం కేవలం అప్పు వల్ల వచ్చినదేనని అంచనా కట్టింది.

```
βL = βU × [1 + (1 − t) × D/E]
```

ఎడమవైపున్నది అప్పు కలిసిన షేరు బీటా, కుడివైపు మొదటిది వ్యాపారపు బీటా. D అంటే అప్పు, E అంటే షేర్ల మార్కెట్టు విలువ, t అంటే పన్ను రేటు. పన్ను ఇక్కడికెందుకొచ్చిందంటే, వడ్డీని ఖర్చుగా చూపితే పన్ను తగ్గుతుంది. ఆ మేరకు అప్పు బరువులో కొంత ప్రభుత్వం మోస్తున్నట్టు లెక్క.

మూడు విమానాశ్రయాలు తీసుకుందాం. ఇవి లెక్క కోసం నేను కల్పించుకున్నవి. మొదటిదాని షేరు బీటా 0.70, అప్పు ఈక్విటీలో 0.4 వంతు. రెండోదాని బీటా 1.10, అప్పు ఈక్విటీకి 1.2 రెట్లు. మూడోదానికి 0.80, 0.6. పన్ను అంతటా 25 శాతం. పైపైన చూస్తే రెండోది మొదటిదానికంటే చాలా ప్రమాదకరమైన వ్యాపారంలా ఉంది. సూత్రం పెట్టి అప్పు తీసేస్తే మొదటిది 0.70ని 1.30తో భాగించగా 0.54. రెండోది 1.10ని 1.90తో భాగించగా 0.58. మూడోది 0.55. దూరదూరంగా ఉన్న మూడు అంకెలూ ఒకచోటికి చేరాయి. ఇది కాస్త ఊరటనిచ్చే సంకేతం. ఒకే రకం వ్యాపారాలని మనం అనుకున్నవి అప్పు తీశాక కూడా చెల్లాచెదురుగానే ఉంటే, పోల్చకూడనివాటిని పోల్చామనో, అప్పు అంకె తప్పు తీసుకున్నామనో అనుమానించాలి.

మూడింటి సగటు 0.556. ఇప్పుడు హైదరాబాద్‌కు రావాలి. 2021 ఏప్రిల్‌తో మొదలైన ఐదేళ్ల కాలానికి ఏరా ఐఐఎం బెంగళూరు అధ్యయనం ఆధారంగా అప్పు, ఈక్విటీ నిష్పత్తిని 48:52గా ఊహించుకుంది. 48ని 52తో భాగిస్తే 0.923. దాన్ని సూత్రంలో పెడితే 0.556ని 1.692తో గుణించాలి, వచ్చేది 0.94. అప్పు సంగతి పట్టించుకోకుండా ఆ మూడు షేరు బీటాల సగటే తీసుకుని ఉంటే 0.87 వచ్చేది. తేడా 0.07 మాత్రమే కదా అనిపిస్తుంది. 8 శాతం అదనపు రాబడితో గుణిస్తే అది దాదాపు 0.6 శాతం. ఈక్విటీ ప్రతి వెయ్యి కోట్లకీ ఏటా 6 కోట్లు. ఆ డబ్బు టికెట్లలోంచే రావాలి.

ఇక అసలు మలుపు. కంపెనీ తన అప్పు నిష్పత్తినే మార్చుకుంటే? శంషాబాద్‌లో ఏటా 1.2 కోట్ల మంది సామర్థ్యాన్ని 3.4 కోట్లకు పెంచే విస్తరణ జరిగింది. అలాంటి పనికి అప్పు లేకుండా ఎవరూ దిగరు. మన ఊహా కంపెనీ 48:52 నుంచి 70:30కి వెళ్లిందనుకుందాం. అప్పు మీద వడ్డీ 9 శాతం, పన్ను మినహాయింపు పోగా 6.75. పాత నిష్పత్తిలో ఈక్విటీ రాబడి 14.5 శాతం, రెండూ కలిపిన సగటు పెట్టుబడి ఖర్చు 10.8 శాతం.

కొత్త నిష్పత్తికి వెళ్లేటప్పుడు ఒక విశ్లేషకుడు బీటాను ముట్టుకోకుండా, అప్పు, ఈక్విటీ వాటాలు మాత్రం మార్చాడనుకోండి. చౌక సొమ్ము 70 శాతమైంది, ఖరీదైనది 30కి తగ్గింది. సగటు 9.1 శాతానికి జారింది! అప్పు చేసి పప్పు కూడు తినడం లాభసాటి అని లెక్క తేల్చినట్టే. నిజానికి అప్పు పెరిగినప్పుడు మిగిలిన 30 శాతం సొమ్ము మీద పడే ఊపు పెరుగుతుంది. రీలెవర్ చేస్తే బీటా 1.53, ఈక్విటీ రాబడి 19.2 శాతం, సగటు 10.5. తగ్గింది 0.3 మాత్రమే, అదీ వడ్డీ మీద పన్ను ఆదా వల్ల. మిగతా 1.4 శాతం భ్రమ. నిష్పత్తి మారిన ప్రతిచోటా బీటాను కదిలించారా లేదా అని చూస్తే చాలు, ఇలాంటి నివేదికలు ఎంతవరకు నమ్మాలో తెలిసిపోతుంది.

అయితే ఆ 1.53ని కూడా పూర్తిగా నమ్మకూడదు. అప్పిచ్చినవాళ్లు ఏ రిస్కూ మోయరని హమాడా సూత్రం అనుకుంటుంది. అప్పు తక్కువగా ఉన్నప్పుడు అది పెద్ద తప్పు కాదు. 70 శాతం అప్పున్న కంపెనీ కష్టాల్లో పడితే మాత్రం బాండు కొన్నవాళ్లూ నష్టపోతారు. ఊపులో కొంత వాళ్ల వాటాకు వెళుతుంది. అంటే అప్పుకూ ఒక బీటా ఉంది. దాన్ని 0.2గా తీసుకుని, తీసేటప్పుడూ కలిపేటప్పుడూ రెండుసార్లూ వాడితే 70:30 దగ్గర షేరు బీటా 1.53 కాదు, 1.37. తమాషా ఏమిటంటే 48:52 దగ్గర అదే సవరణ 0.94ని 0.92 చేస్తుంది, అంతే. అరువు తెచ్చిన కంపెనీల నిష్పత్తికి దగ్గరగా ఉన్నంతకాలం సూత్రంలో ఏ రకం వాడినా పెద్ద తేడా రాదు. దూరం వెళ్లేకొద్దీ సూత్రంలో దాగిన ఊహలే జవాబును నడిపిస్తాయి. చాలామంది చేసే తప్పు అప్పు బీటాను ఒకవైపు మాత్రమే వాడటం. తీసేటప్పుడు సున్నా, కలిపేటప్పుడు 0.2 పెడితే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

హమాడా సూత్రంలో ఇంకో ఊహ ఉంది. అప్పు మొత్తం ఎప్పటికీ మారదని అది అనుకుంటుంది. విలువతోపాటు అప్పునూ పెంచుతూ, తగ్గిస్తూ నిష్పత్తినే నిలకడగా ఉంచే కంపెనీలకైతే పన్ను ముక్క లేని సూత్రాన్ని వాడతారు. ఏది వాడారో నివేదికలో చెప్పకపోతే అడగాలి.

2020 నేర్పిన సంగతి మరొకటి. కోవిడ్‌తో విమానాలు ఆగిపోయాయి, విమానాశ్రయాల షేర్లు కుప్పకూలాయి. కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయకపోయినా షేరు విలువ సగమైతే అప్పు, ఈక్విటీ నిష్పత్తి రెట్టింపవుతుంది. బీటాను ఐదేళ్ల షేరు ధరల నుంచి తీసి, నిష్పత్తిని మాత్రం ఈ నెలది తీసుకుంటే రెండూ ఒకే కంపెనీవి కానట్టే. బీటా ఏ ఐదేళ్లదో నిష్పత్తి కూడా ఆ ఐదేళ్ల సగటే కావాలి. అదీ పుస్తకాల్లో రాసుకున్న విలువతో కాదు, మార్కెట్టు విలువతో.

ఇవన్నీ చూశాక ఏరా కంపెనీ అసలు నిష్పత్తి కాకుండా 48:52 అని ఒక ఊహా నిష్పత్తి ఎందుకు పెట్టుకుందో అర్థమవుతుంది. అసలు నిష్పత్తినే లెక్కలోకి తీసుకుంటే యజమానులు అప్పు పెంచినప్పుడల్లా బీటా, దాంతోపాటు ఈక్విటీ మీద అడిగే రాబడి మారుతూ ఉంటాయి. 70:30 దగ్గర ఆ రాబడి 19 శాతమా 18 శాతమా అన్నది సూత్రం ఏది ఎంచుకున్నామన్నదాని మీద ఆధారపడుతుంది. 48:52 దగ్గర ఆ తగువు దాదాపు ఉండదు. కంపెనీ అంతకంటే ఎక్కువ అప్పు చేసినా ఈక్విటీ రాబడి లెక్క కదలదు. పెరిగిన ఊపు వాటాదారులు మోసుకోవలసిందే. యూడీఎఫ్‌లోకి అది ఎక్కదు.